బిల్లు పూర్తిగా కడుతున్నా స్కోరు తగ్గుతోందా? 15వ తేదీ, నెలాఖరు చూసుకోండి

క్రెడిట్ కార్డు బిల్లు ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. వడ్డీ రూపాయి కట్టలేదు. ఇంటి రుణం కోసం బ్యాంకుకు వెళ్తే మాత్రం ‘మీ కార్డు వాడకం ఎక్కువగా ఉందండీ’ అన్నారు. మీకూ ఇలా జరిగి ఉంటే తప్పు మీ చెల్లింపుల్లో లేదు, తేదీల్లో ఉంది.

బ్యాంకు అధికారి చెప్పిన ఆ ‘వాడకం’ పేరే క్రెడిట్ యుటిలైజేషన్ రేషియో. మీ కార్డులన్నిటి పరిమితి కలిపి ఎంత, అందులో ఇప్పుడు మీరు ఎంత బాకీ ఉన్నారు అనేదే ఈ లెక్క. లక్ష రూపాయల పరిమితిలో 52 వేలు బాకీ ఉంటే 52 శాతం. దీన్ని క్రెడిట్ కార్డులకు, వాటిలాగే వాడుతూ కడుతూ ఉండే ఓవర్‌డ్రాఫ్టు లాంటి వాటికి చూస్తారు. బంగారం మీద తీసుకున్న అప్పు, బండి ఈఎంఐ ఈ లెక్కలోకి రావు. వాటి ప్రభావం వేరు.

ఇది 30 శాతం లోపు ఉండాలని తరచూ వింటుంటాం. అది ఆర్‌బీఐ పెట్టిన నిబంధనేమీ కాదు, వాడుకలో స్థిరపడిన ఓ కొలమానం. 31 శాతం కాగానే దరఖాస్తు తిరస్కరించరు. కానీ 50, 60, 80 ఇలా పెరిగేకొద్దీ ‘ఈయన చేతిలో డబ్బు బిగుసుకుపోతోంది’ అన్న సంకేతం వెళ్తుంది. స్కోరు దాన్నిబట్టి కదులుతుంది.

దుకాణదారు లెక్క చూద్దాం

నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో ఫ్యాన్సీ దుకాణం నడిపే ఒకాయన ఉన్నారనుకుందాం. ఇల్లు కట్టుకోవడానికి ఫిబ్రవరిలో బ్యాంకు రుణానికి వెళ్లాలన్నది ఆయన ఆలోచన. చేతిలో రెండు కార్డులున్నాయి. మొదటి దాని పరిమితి 60 వేలు, రెండోది 40 వేలు. ప్రతి నెలా 8 నుంచి 10వ తేదీలోపు విశాఖ పూర్ణా మార్కెట్‌కు వెళ్లి మొదటి కార్డు మీద 48 వేల సరుకు తెస్తారు. రెండో కార్డు మీద పెట్రోలు, ఇంటి ఖర్చులు కలిపి 4 వేల దాకా ఉంటాయి. మొదటి కార్డు బిల్లు 18వ తేదీన తయారవుతుంది. కట్టాల్సిన గడువు వచ్చే నెల 7. సరిగ్గా 7వ తేదీన మొత్తం కట్టేసి, మర్నాడు మళ్లీ సరుకుకు బయల్దేరతారు.

వ్యాపారపరంగా చూస్తే ఇది తెలివైన పద్ధతే. దాదాపు నెల రోజులు వడ్డీ లేకుండా డబ్బు తిప్పుకొంటున్నారు. మరి స్కోరు దగ్గర ఏమవుతోంది?

మీరెంత బాకీ ఉన్నారో సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకు రోజూ తెలియదు. కార్డు సంస్థ పంపినప్పుడే తెలుస్తుంది. ఆర్‌బీఐ 2024 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాలతో, రుణసంస్థలు కనీసం పదిహేను రోజులకోసారి, అంటే ప్రతి నెలా 15వ తేదీన, నెలాఖరు రోజున ఉన్న వివరాలను పంపాలన్న నిబంధన 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకన్నా తరచుగా పంపే సంస్థలూ ఉండొచ్చు. ఆ రోజున మీ ఖాతాను ఫొటో తీసినట్టే. ముందు రోజు ఎంత కట్టారు, తర్వాతి వారం ఎంత కడతారు అన్నది ఫొటోలో కనిపించదు.

ఇప్పుడు మన దుకాణదారు నెలను చూడండి. 15న ఫొటో తీసేసరికి కొత్త సరుకు 48 వేలు కార్డు మీద ఉంది. నెలాఖరున తీసేసరికి అదే 48 వేలు ఇంకా ఉంది, ఎందుకంటే గడువు 7వ తేదీ కదా. రెండు కార్డులూ కలిపి రెండు ఫొటోల్లోనూ 52 శాతం. మొదటి కార్డు ఒక్కదాన్నే చూస్తే ఏకంగా 80 శాతం. బాకీ లేకుండా ఆయన ఉండేది నెలలో ఒక్క రోజు. ఆ రోజు ఫొటో ఎవరూ తీయడం లేదు.

స్కోరు లెక్కలో మొత్తం వాడకంతో పాటు ఒక్కో కార్డు నిండిన తీరు కూడా ప్రభావం చూపగలదు. అందుకే ‘రెండో కార్డు ఖాళీగానే ఉంది కదా’ అన్న ధీమా పనికిరాదు.

గడువుకు కాదు, ఫొటోకు ముందు కట్టాలి

రుణానికి వెళ్లే ముందు ఆయన చేయాల్సింది ఖర్చు తగ్గించడం కన్నా, కట్టే తేదీని ముందుకు జరపడం. జనవరి అందుకు అనువైన నెల. సంక్రాంతి బేరాలతో పదో తేదీ దాటేసరికి గల్లాలో డబ్బు ఆడుతుంది. 7న పాత బిల్లు కట్టి, 8న సరుకు తెచ్చారు. పండగ అమ్మకాల్లోంచి 30 వేలు తీసి 12వ తేదీన మొదటి కార్డుకు కట్టేశారు. బిల్లు రాకపోయినా కార్డు యాప్‌లోంచి ఎప్పుడైనా కట్టొచ్చు. 15న ఫొటోలో మొదటి కార్డు మీద 18 వేలు, రెండో దాని మీద 4 వేలు. మొత్తం 22 శాతం, మొదటి కార్డు 30 శాతం. 18న వచ్చే బిల్లు కూడా 18 వేలకే వస్తుంది. దాన్ని 7వ తేదీ దాకా ఆపకుండా 27, 28 తేదీల్లో తీర్చేస్తే నెలాఖరు ఫొటోలో మిగిలేది రెండో కార్డు బాకీయే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, 14న రాత్రి కడదాంలే అనుకోవద్దు. డబ్బు మీ ఖాతాలోంచి వెంటనే పోయినా కార్డు లెక్కలో జమ కావడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు, పైగా పండగ సెలవులు. రెండు, పాత బిల్లు బాకీ ఉండగా కడితే ఆ డబ్బు ముందు దానికే పోతుంది. కాబట్టి పాతది కట్టాక విడిగా రెండోసారి కట్టాలి.

కట్టిన మర్నాడే స్కోరు చూసి కంగారు పడకండి. 2024 ఆదేశాల ప్రకారం 15వ తేదీ వివరాలను కార్డు సంస్థ వారంలోగా పంపాలి. బ్యూరో వాటిని నమోదు చేయడానికి మరికొన్ని రోజులు. అంటే సంక్రాంతికి చేసిన పని నెలాఖరుకు కనిపిస్తుంది. ఫిబ్రవరిలో దరఖాస్తు చేయాలంటే డిసెంబరు నుంచే ఇలా కట్టుకొస్తే ఇంకా నిశ్చింత. ఈ విషయంలో ఊరట ఏమిటంటే, స్కోరులో వాడకం విషయానికి వచ్చేసరికి ప్రధానంగా తాజా బాకీ బరువే ఎక్కువ. ఆలస్యపు చెల్లింపు అలా కాదు, సిబిల్ నివేదికలో 36 నెలల దాకా కనిపిస్తూ ఉంటుంది. అందుకే డబ్బు సర్దలేని నెలలో ముందస్తు చెల్లింపు మానేసినా ఫర్వాలేదు, గడువు మాత్రం దాటొద్దు.

మరో లాభం కూడా ఉంది. రుణం ఎంత ఇవ్వాలో లెక్కగట్టేటప్పుడు కొన్ని బ్యాంకులు కార్డు బాకీలో 5 శాతాన్ని నెలవారీ కిస్తీగా భావించి మీ ఆదాయంలోంచి తీసేస్తాయి. 52 వేల బాకీ అంటే నెలకు 2,600. అంటే ఆ మేరకు మీరు కట్టగలిగే ఈఎంఐ తగ్గినట్టే లెక్క. ముందే తీర్చేస్తే ఆ కోత ఉండదు.

డబ్బు సర్దుబాటు కాకపోతే

అందరికీ సంక్రాంతి గల్లా ఉండదు. నెల జీతం మీద బతికేవారికి 12వ తేదీకి చేతిలో ఏముంటుంది? అలాంటప్పుడు రుణానికి ముందు రెండు నెలలు కొన్ని ఖర్చులను కార్డు నుంచి తప్పించి బ్యాంకు ఖాతాకు మార్చండి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసినవారు ముఖ్యంగా ఇది చూసుకోవాలి. టీ కొట్టు నుంచి కిరాణా దాకా స్కాన్ చేసిన ప్రతిదీ కార్డు మీదే పడుతుంటుంది, నెలాఖరుకు చూస్తే వేలల్లో తేలుతుంది. యాప్‌లో చెల్లింపు ఖాతాను పొదుపు ఖాతాకు మారిస్తే చాలు.

కొన్న ఫోన్‌నో ఫ్రిజ్‌నో కార్డు ఈఎంఐగా మార్చుకున్నవారు నెలనెలా కట్టేది రెండు వేలే కదా అనుకుంటారు. సాధారణంగా మిగిలిన అసలంతా మీ పరిమితిని పట్టుకునే ఉంటుంది, బాకీగానూ కనిపిస్తుంది. రుణానికి ముందు కొత్తగా అలాంటిది పెట్టుకోకపోవడం మేలు.

పరిమితి పెంచుకోవడం ఇంకో దారి. మన దుకాణదారు మొత్తం పరిమితి లక్ష నుంచి లక్షా 80 వేలు అయితే, అదే 52 వేల బాకీ 29 శాతానికి దిగుతుంది. అయితే పరిమితి కోసం అడిగితే కార్డు సంస్థ మీ నివేదికను కొత్తగా పరిశీలించవచ్చు, ఆ ఎంక్వైరీ నివేదికలో నమోదు కావొచ్చు. కాబట్టి ఇది ఐదారు నెలల ముందు చేసుకోవాల్సిన పని. ఒకే బ్యాంకులో రెండో కార్డు తీసుకుంటే పరిమితి పెరుగుతుందనుకోవడమూ పొరపాటే, చాలాచోట్ల రెండింటికీ కలిపి ఒకే పరిమితి ఉంటుంది.

‘రుణానికి వెళ్తున్నాం, అనవసరపు కార్డు ఎందుకు’ అని రెండో దాన్ని రద్దు చేసేవారు చాలామంది. ఉద్దేశం మంచిదే, ఫలితం తిరగబడుతుంది. ఆయన 4 వేలు కట్టేసి ఆ కార్డు మూసేస్తే మిగిలేది 60 వేల పరిమితిలో 48 వేల బాకీ. వాడకం 52 నుంచి 80 శాతానికి ఎగబాకుతుంది. రుణం చేతికొచ్చాక మూసుకోవచ్చు. అలాగే ఫొటో కోసమని లోన్ యాప్‌లో అప్పు తెచ్చి కార్డు కట్టడం ఎంతమాత్రం వద్దు. కార్డు బాకీ పోయి దాని స్థానంలో కొత్త అప్పు, కొత్త ఎంక్వైరీ కనిపిస్తాయి.

నివేదికలో ఎక్కడ చూడాలి?

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. వాటి వెబ్‌సైట్లలోనే తీసుకోవచ్చు. అందులో స్కోరు దగ్గరే ఆగిపోకండి. కిందికి వెళ్లి మీ కార్డు ఖాతాలో Credit Limit, Current Balance, Date Reported అనే మూడు గడులు చూడండి. మీ ఫొటో ఏ రోజున తీశారో, అప్పుడు ఎంత బాకీ ఉందో అక్కడే తెలుస్తుంది. మీ కార్డు సంస్థ ఏ తేదీ వివరాలు పంపుతోందో తెలుసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆధారం లేదు. ఒక్కోసారి పరిమితి గడి ఖాళీగా ఉంటుంది, లేదా పెంచకముందు ఉన్న పాత అంకె కనిపిస్తుంది. అప్పుడు మీ వాడకం ఉన్నదానికన్నా ఎక్కువగా తేలే ప్రమాదముంది. బ్యూరో వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేసి, అదే విషయం కార్డు సంస్థకూ రాయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న ఆర్‌బీఐ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదుకు నెల పడుతుంది కాబట్టి, రుణ దరఖాస్తుకు కనీసం రెండు నెలల ముందే నివేదిక తీసి చూసుకోండి.