ఇంగ్లండ్‌లో ఓనర్ ఇంట్లోనే గది అద్దెకా? వంటగది మాట ముందే రాసుకోండి

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మన పిల్లల్లో కొందరు ఓనర్ కూడా ఉండే ఇంట్లోనే ఓ గది తీసుకుంటారు. వీళ్లను అక్కడ లాడ్జర్ అంటారు. ఓనర్‌తో వంటగది, బాత్రూం పంచుకునే లాడ్జర్‌కు చట్టం రక్షణ బాగా తక్కువ. ఖాళీ చేయించడానికి ఓనర్ కోర్టుకు వెళ్లక్కర్లేదు, తగిన గడువిస్తే చాలు. నెలవారీ అద్దె అయితే అది మామూలుగా ఒక నెల. డిపాజిట్‌ను ప్రభుత్వం గుర్తించిన స్కీంలో పెట్టాలన్న రూలు కూడా వర్తించదు. అందుకే డబ్బు కట్టకముందే మాట్లాడుకోవాలి.

లెస్టర్‌లో గది చూసుకున్న అమ్మాయి ఒకరు ఉన్నారనుకుందాం. ఓనరమ్మ పంది మాంసం వండుకుంటుంది. వద్దనే హక్కు అమ్మాయికి లేదు, ఇల్లు ఆమెది. కానీ తన పెనం, కత్తి, కటింగ్ బోర్డు విడిగా పెట్టుకుంటానని, ఫ్రిజ్‌లో పై అర కావాలని అడగొచ్చు. రంజాన్‌లో సహరీకి తెల్లవారకముందే స్టవ్ వెలిగిస్తానన్న సంగతీ అప్పుడే చెప్పాలి. తర్వాత చెబితే చప్పుడు మీద రగడే.

గదికి తాళం అడిగితే కొందరు ఒప్పుకోరు. అలాంటప్పుడు లోపల గొళ్లెమైనా అడగాలి, తలుపు తట్టి జవాబు వచ్చాకే లోపలికి రావాలని అనుకోవాలి. మాటయ్యాక ఈమెయిల్ పెట్టాలి: "మేడం, మనం అనుకున్నవి ఇవీ, సరేనా?" ఆమె సరేనన్న జవాబే రేపు చేతిలో ఉండే కాగితం. రాయడానికే ఇష్టపడకపోతే ఇంకో గది చూసుకోవడం మేలు.