ఎండాకాలంలో కోవా ఎన్నాళ్లు?

ఒకే పాలతో చేసినా కలాకండ్ కంటే పాలకోవా ఎక్కువ రోజులు నిలుస్తుంది. తేడా అంతా తేమలోనే ఉంది. కలాకండ్ తడిగా ఉంటుంది, సూక్ష్మజీవులకు అది అనువు. బాగా ఇగిరించిన కోవాలో నీరు తక్కువ, ఉన్న కాస్త నీటినీ పంచదార పట్టి ఉంచుతుంది.

అందుకే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కలాకండ్‌ను చేసిన రోజే తినాలని, రసగుల్లా వంటివాటిని రెండు రోజుల్లో తినాలని సూచించింది. విడిగా అమ్మే మిఠాయిలకు ఏ తేదీలోపు తినాలో దుకాణాలు రాసిపెట్టాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి ఉంది. కొనేముందు అది చూడాలి.

పంచదార వేయని పచ్చికోవా, పనీర్ మరింత సున్నితం. మే నెలలో విజయవాడ ఎండలో మధ్యాహ్నం పనీర్ కొన్నవారు గంటలోపే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. విడి పనీర్‌ను చల్లని నీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

పనీర్ జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా పారేయాలి. కోవాపై ఆకుపచ్చ, నల్ల మచ్చలు కనిపిస్తే పైపొర గీకేసి వాడకూడదు, బూజు లోపలికీ పాకి ఉంటుంది.

వాసన బాగుంటే చాలనుకోవడమూ పొరపాటే. చేతుల నుంచి చేరే స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియా వదిలే విషం రుచిని మార్చదు, మళ్లీ వేడిచేసినా పోదు. గంటల తరబడి ఎండవేడిలో బయట ఉన్నదాన్ని రుచి చూడకుండానే పారేయాలి.