మైనస్ రెండు శాతం గోల్‌కీపర్

ఫుట్‌బాల్‌లో పెనాల్టీ కిక్ అంటే పదకొండు మీటర్ల దూరం, ఇద్దరు మనుషులు. కొట్టిన బంతి సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా గోల్ గీత దాటేస్తుంది. బంతి ఎటు వస్తుందో చూసి దూకుదామంటే గోల్‌కీపర్‌కు వ్యవధి చాలదు. అందుకే అతను ముందే ఒక వైపు నిర్ణయించుకుని దూకుతాడు, కొట్టేవాడూ ముందే ఒక వైపు నిర్ణయించుకుని కొడతాడు. ఒకరి నిర్ణయం ఇంకొకరికి తెలియదు. గోల్ పడితే ఒకరికి ఎంత లాభమో రెండో వాడికి అంతే నష్టం. గణితంలో ఇలాంటి ఆటను జీరో-సమ్ గేమ్ అంటారు.

స్పెయిన్ ఆర్థికశాస్త్రవేత్త ఇగ్నాసియో పలాసియోస్-వెర్తా 1995 నుంచి 2000 దాకా, ప్రధానంగా యూరప్ లీగుల్లో జరిగిన 1417 పెనాల్టీ కిక్కులను పరిశీలించి 2003లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. కుడికాలి ఆటగాడికి ఒక వైపు, ఎడమకాలి ఆటగాడికి దానికి ఎదురు వైపు కొట్టడం సులువు. ఆ సులువైన వైపును ‘సహజ వైపు’ అనీ రెండోదాన్ని ‘ఎదురు వైపు’ అనీ అనుకుందాం. నూటికి ఎన్ని గోల్స్ పడ్డాయన్నది ఈ నాలుగు గళ్లలో ఉంది:

| కొట్టిన వైపు | కీపర్ ఎదురు వైపు దూకితే | కీపర్ సహజ వైపు దూకితే |
|---|---|---|
| ఎదురు వైపు | 58.30 | 94.97 |
| సహజ వైపు | 92.91 | 69.92 |

దీన్నే పేఆఫ్ మాట్రిక్స్ అంటారు. ఇక మీదట ఆటలో మనకు కావలసిందంతా ఈ నాలుగు గళ్లలోనే ఉంది.

ఇప్పుడు కొట్టేవాడి పక్షాన ఆలోచిద్దాం. సహజ వైపు బలంగా ఉంది కదా అని ఎప్పుడూ అటే కొడితే, కీపర్ అది పసిగట్టి అటే దూకుతాడు, నూటికి 70 దగ్గర ఆగిపోతాడు. ఎప్పుడూ ఎదురు వైపే కొడితే 58తోనే సరి. ఇటు సగం అటు సగం కొడితే? కీపర్ ఎదురు వైపు దూకినప్పుడు 58.30, 92.91ల సగటు 75.6. సహజ వైపు దూకినప్పుడు 94.97, 69.92ల సగటు 82.4. తెలివైన కీపర్ మనకు తక్కువ వచ్చేదే ఎంచుకుంటాడు కాబట్టి చేతికొచ్చేది 75.6. ఏ ఒక్క వైపునో నమ్ముకున్నప్పటి కంటే ఇది మెరుగే. సగం సగం కాక ఇంకో పాళ్లలో కలిపితే ఇంకా పెరుగుతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎదురు వైపు కొట్టే వాటాను p అందాం. కీపర్ ఏం చేసినా మనకు తప్పకుండా దక్కే శాతాన్ని v అందాం. v ఎంత ఎక్కువుంటే మనకంత మంచిది. కానీ అది ఈ షరతులకు లోబడాలి:

```
v ≤ 58.30p + 92.91(1 − p)
v ≤ 94.97p + 69.92(1 − p)
0 ≤ p ≤ 1
```

మొదటి వరుస కీపర్ ఎదురు వైపు దూకినప్పటిది, రెండోది సహజ వైపు దూకినప్పటిది. అంతే, లీనియర్ ప్రోగ్రాం తయారైంది. ఒకప్పుడు మన పదో తరగతి లెక్కల్లో ఉన్న లీనియర్ ప్రోగ్రామింగ్ పాఠం చదివినవాళ్లకు గ్రాఫు కాగితం మీద గీతలు గీసి, వాటి మధ్య ప్రాంతానికి రంగు పూసి, మూలల్లో లెక్క వేసిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఇదీ అదే. అక్కడ కుర్చీలకూ బల్లలకూ లాభం చూసేవాళ్లం, ఇక్కడ గోల్స్ చూస్తున్నాం.

p పెరిగేకొద్దీ మొదటి గీత దిగుతుంది, రెండోది ఎక్కుతుంది. v ఈ రెండింటికీ కిందే ఉండాలి కాబట్టి అది అందుకోగల శిఖరం ఆ రెండు గీతలూ కోసుకునే చోటు. లెక్క కడితే p = 0.385, v = 79.57. అంటే వందలో 38 లేదా 39 సార్లు ఎదురు వైపు, మిగతావి సహజ వైపు కొడితే, కీపర్ ఎటు దూకినా నూటికి 79.57 గోల్స్ ఖాయం.

కీపర్ కూడా ఇలాంటి లెక్కే వేసుకోవచ్చు. అతని లెక్కలో గళ్లను అడ్డంగా చదవాలి, షరతులు తిరగబడతాయి, v ని పెంచే బదులు తగ్గించాలి. అతనికి వచ్చే జవాబు 42 శాతం ఎదురు వైపు, 58 శాతం సహజ వైపు. అప్పుడు కొట్టేవాడు ఎంత గింజుకున్నా దక్కేది 79.57 మాత్రమే. ఇద్దరూ విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వేసిన లెక్కలు ఒకే అంకె దగ్గర కలిశాయి. ఇలాంటి ప్రతి ఆటలోనూ అలా కలిసి తీరతాయని జాన్ వాన్ నాయ్‌మన్ 1928లోనే రుజువు చేశాడు. మరి మైదానంలో? కొట్టినవాళ్లు ఎదురు వైపు కొట్టింది 39.98 శాతం, కీపర్లు అటు దూకింది 42.31 శాతం. పెన్సిలూ కాగితమూ లేకుండా వాళ్లు లెక్కకు ఇంత దగ్గరగా వచ్చారు.

ఈ రెండు లెక్కల జంటకు ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. లీనియర్ ప్రోగ్రాములను వేగంగా సాధించే సింప్లెక్స్ పద్ధతిని 1947లో రూపొందించిన జార్జ్ డాంట్జిగ్, అదే ఏడాది అక్టోబరు 3న ప్రిన్స్‌టన్‌లో వాన్ నాయ్‌మన్‌ను కలిశాడు. తన సమస్యను నిదానంగా వివరించబోతే ఆయన అసహనంగా అసలు విషయానికి రమ్మన్నాడట. డాంట్జిగ్ బోర్డు మీద గబగబా నాలుగు ముక్కలు రాశాడు. వాన్ నాయ్‌మన్ ‘ఓహ్, అదా!’ అన్నట్టుగా లేచి, అప్పటికప్పుడు గంటకు పైగా లీనియర్ ప్రోగ్రాముల సిద్ధాంతం మీద ఉపన్యాసం ఇచ్చేశాడు. డాంట్జిగ్ ఆశ్చర్యం చూసి, తాను మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి ఆటల సిద్ధాంతం మీద పుస్తకం రాశాననీ, ఈ రెండూ ఒకటేనని తన ఊహ అనీ చెప్పాడు. ప్రతి లీనియర్ ప్రోగ్రాంకూ ఒక జోడీ ప్రోగ్రాం ఉంటుందన్న డ్యువాలిటీ భావన డాంట్జిగ్ చెవిన పడింది ఆ రోజే. మన ఆటలో కొట్టేవాడి లెక్కకు జోడీ కీపర్ లెక్క.

పాఠకులకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. రెండు గీతలు కోసుకునే చోటు కనుక్కోవడానికి ఇంత హంగామా ఎందుకు, రెండు సమీకరణాలు సమానం చేస్తే చాలదా? రెండు వైపులే ఉన్న ఈ పట్టికకు చాలు. వైపులు మూడయితేనే అసలు కథ మొదలవుతుంది.

పెనాల్టీని నేరుగా మధ్యలోకి కొట్టేవాళ్లూ ఉన్నారు, దూకకుండా నిలబడిపోయే కీపర్లూ ఉన్నారు. ఆ గళ్లను నేను ఊహించి నింపుతున్నాను, ఇవి పరిశోధనలోవి కావు. మధ్యలోకి కొట్టినప్పుడు కీపర్ ఎటో ఒకటు దూకితే 78, నిలబడి ఉంటే 20. పక్కలకు కొట్టినప్పుడు కీపర్ నిలబడి ఉంటే 95. ఇప్పుడు పాత అలవాటు కొద్దీ మూడు సమీకరణాలనూ సమానం చేద్దాం. కొట్టేవాడికి వచ్చే జవాబు: ఎదురు వైపు 30.4, సహజ వైపు 48.6, మధ్యలోకి 21 శాతం. చూడ్డానికి నిక్షేపంగా ఉంది, కూడితే వంద, అన్నీ ధనసంఖ్యలే. కానీ దీంతో ఖాయమయ్యేది 79.24 మాత్రమే. మధ్యలోకి కొట్టడం అన్న అవకాశమే లేనప్పుడు 79.57 వచ్చింది కదా! కొత్త అవకాశం అక్కర్లేదనుకుంటే వాడకుండా వదిలేయవచ్చు, అలాంటిది దానివల్ల నష్టం ఎలా వస్తుంది? తప్పు ఎక్కడో తెలియాలంటే ఇదే పద్ధతిలో కీపర్ వాటాలు కట్టాలి. ఎదురు వైపు 42.9, సహజ వైపు 59.3, నిలబడటం మైనస్ 2.1 శాతం. వందలో మైనస్ రెండు సార్లు నిలబడే కీపర్‌ను ఏ దేశమూ ఇంతవరకూ తయారు చేయలేదు.

సమీకరణాలు చేసిన పొరపాటు ఏమిటంటే, అన్ని ఎత్తుగడలూ వాడి తీరాలని ముందే తీర్మానించడం. లీనియర్ ప్రోగ్రాం అలా తీర్మానించదు. ‘సమానం’ అనే చోట ‘తక్కువ కాకూడదు’ అంటుంది, వాటాలు సున్నాకు దిగకూడదని విడిగా చెబుతుంది. ఏ ఎత్తుగడ వాడాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది సింప్లెక్స్ మూలమూలా తిరిగి తనే తేల్చుకుంటుంది. ఈ పట్టికకు దాని జవాబు, మధ్యలోకి కొట్టడం సున్నా, నిలబడటం సున్నా, మిగతాది మునుపటిలాగే. మధ్యలోకి కొడితే ఎంత పోతుందో కూడా ఆ లెక్కలోనే కనిపిస్తుంది: 79.57లోంచి 78 తీసేస్తే, అలా కొట్టే ప్రతి కిక్కుకూ 1.57 శాతం తరుగు.

ఆ 78ని 82 చేసి చూడండి. ఇప్పుడు మధ్యలోకి కొట్టడం గిట్టుబాటే. కొట్టేవాడు వందలో దాదాపు 20 సార్లు మధ్యలోకి కొడతాడు. కీపర్ మాత్రం మూడు సార్లే నిలబడతాడు! విలువ 80.06కు చేరుతుంది. ఇరవై సార్లు మధ్యలోకి వస్తున్నప్పుడు మూడు సార్లే నిలబడటమేమిటని టీవీ ముందు మనం తిట్టుకుంటాం. నిలబడినప్పుడు బంతి పక్కకు వెళ్తే 95 శాతం గోలే కాబట్టి ఆ బెదిరింపు మూడు సార్లకు మించితే కీపరే నష్టపోతాడు.

ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లకు ఎక్సెల్ చాలు. సాల్వర్‌లో `Simplex LP` ఎంచుకుని, వాటాలకు మూడు గళ్లు, v కి ఒక గడి ఇచ్చి, పై షరతులతో పాటు వాటాల మొత్తం 1 కావాలన్న షరతూ రాస్తే క్షణంలో జవాబు వస్తుంది. ఒక్క చోట జాగ్రత్త. `Make Unconstrained Variables Non-Negative` అన్న పెట్టెలో టిక్ ఉంటే v కూడా సున్నాకు దిగకూడదన్న షరతు చేరిపోతుంది. మన పట్టికలో ఇబ్బంది లేదు, కానీ గెలిస్తే ప్లస్, ఓడితే మైనస్ అని రాసుకున్న ఆటలో విలువ మైనస్ అయితే అసలు జవాబే లేదని సాల్వర్ చేతులెత్తేస్తుంది. మందు తేలిక: ఆ టిక్ తీసేసి వాటాలకు మాత్రమే షరతు పెట్టాలి, లేదా పట్టికలోని ప్రతి అంకెకూ ఒకే పెద్ద సంఖ్య కలిపి చివర్లో తీసేయాలి. వాటాలు మారవు.

ఇంతా చేసి ఈ లెక్క ఇచ్చేది హామీ మాత్రమే. మళ్లీ రెండు వైపుల పట్టికకే వద్దాం. ఎదుటి కీపర్ వందలో 70 సార్లు సహజ వైపే దూకే అలవాటున్నవాడనుకోండి. లెక్క ప్రకారం కొట్టేవాడికి అప్పుడూ వచ్చేది అదే 79.57, ఎదుటివాడి బలహీనత వల్ల పైసా లాభం లేదు. అన్నీ ఎదురు వైపే కొడితే 84 దాకా వస్తుంది. కానీ కీపర్ ఆ అలవాటును ఎరగా చూపించి, ఫైనల్లో అటు తిరిగి దూకాడంటే 84 కాస్తా 58 అవుతుంది. ఎంత ధైర్యం చేయాలన్నది పేఆఫ్ మాట్రిక్స్‌లో ఏ గడిలోనూ లేదు, దాన్ని కోచ్ వేరే చోట వెతుక్కోవాలి.