పిడుగుపాటు వంటి తలనొప్పి

తలనొప్పి ఎంత తీవ్రంగా ఉన్నదన్నది అందరూ గమనిస్తారు. అది ఎంత వేగంగా వచ్చినదన్నది మాత్రం చాలామంది గమనించరు. వైద్యుని దృష్టిలో ఈ రెండవ విషయమే ఎక్కువ ముఖ్యమైనది. పార్శ్వపు నొప్పి ఎంత బాధాకరమైనా, సాధారణంగా గంటో రెండు గంటలో పడుతూ క్రమంగా పెరుగుతుంది. అలాకాక, ఏమీ లేని స్థితినుండి ఒక్క నిమిషంలోపే భరించలేని స్థాయికి చేరే నొప్పిని వైద్యులు ‘పిడుగుపాటు తలనొప్పి’ అంటారు.

ఇటువంటి నొప్పి వచ్చిన ప్రతివారికీ ప్రాణాపాయం ఉండదు. కాని వారిలో కొందరికి మెదడు చుట్టూ రక్తస్రావం జరిగి ఉంటుంది. మెదడు అడుగుభాగాన ఉన్న ధమనులు చీలేచోట గోడ బలహీనపడి, చిన్న బుడగలా ఉబ్బవచ్చు. దీనికి ఎన్యూరిజమ్ అని పేరు. అధిక రక్తపోటు, పొగత్రాగుడు దీనికి తోడ్పడతాయి. ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టని ఆ ఉబ్బు ఒకనాడు చిట్లితే, రక్తం మెదడును ఆవరించిన ద్రవంలోకి ఒక్కసారిగా చిమ్ముతుంది. ఆ క్షణంలో కలిగేదే ఈ నొప్పి.

ఉదాహరణకు, రక్తపోటు ఉన్న నలభై ఎనిమిదేళ్ల ఉపాధ్యాయినిని ఊహించుకుందాం. సాయంత్రం ఏడు గంటలకు నీళ్లబిందె ఎత్తుతుండగా తల వెనుక ఎవరో సుత్తితో మోదినట్లయింది. వెంటనే వాంతి అయింది. కాసేపటికి నొప్పి కొంత తగ్గింది. ఇంటివారు పైత్యమనుకుని మాత్ర వేసి పడుకోబెట్టదలచారు. ఇక్కడే ప్రమాదం పొంచి ఉన్నది. మాత్రతో నొప్పి తగ్గినంత మాత్రాన రక్తస్రావం లేదని చెప్పలేము. మెడ బిగుసుకొనడానికి కొన్ని గంటలు పట్టవచ్చు గనుక, అప్పటికి మెడ మామూలుగా ఉండడం కూడా ధైర్యానికి ఆధారం కాదు.

ఆమెను రాత్రి పదింటికి సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చితే, మెదడు అడుగు సందులలో చేరిన రక్తం చిత్రంలో తెల్లగా కనిపిస్తుంది. నొప్పి మొదలైన ఆరు గంటలలోపు ఆధునిక యంత్రంతో తీసి, అనుభవజ్ఞుడు పరిశీలించిన స్కాన్ ఈ రక్తస్రావాన్ని దాదాపు ఎన్నడూ విడువదు. గంటలు గడిచిన కొద్దీ రక్తం పలచబడి, స్కాన్ నమ్మకం తగ్గుతుంది. ఆమె మూడవనాడు వెళితే చిత్రం శుభ్రంగా కనిపించవచ్చు. అప్పుడు నడుము దగ్గర వెన్నునుండి సూదితో ద్రవం తీసి పరీక్షించవలసి వస్తుంది. రక్తకణాలు విచ్ఛిన్నమైతే ఆ ద్రవం పసుపుబారుతుంది. ఈ మార్పుకు సుమారు పన్నెండు గంటలు కావాలి. సూది గుచ్చినందువల్ల చిందిన రక్తానికీ, లోపల ముందే కారిన రక్తానికీ తేడా తెలిపేది ఈ పసుపు రంగే.

తొందర ఎందుకంటే, చిట్లిన ఉబ్బు తాత్కాలికంగా గడ్డకట్టి మూసుకున్నా మళ్లీ చిట్లవచ్చు. ఆ అవకాశం మొదటి ఇరవైనాలుగు గంటలలోనే అత్యధికం. రెండవ రక్తస్రావం తరచు ప్రాణాంతకమవుతుంది. అందుచేత రక్తనాళాల చిత్రాలు తీసి, పుర్రె తెరచి ఉబ్బు మెడకు క్లిప్పు బిగించడమో, తొడ లేక మణికట్టు ధమని ద్వారా సన్నని గొట్టం పంపి లోపల లోహపు తీగచుట్టలు నింపడమో చేస్తారు. తరువాతి రోజులలో ధమనులు ముడుచుకుపోయి మెదడుకు రక్తం అందని ప్రమాదం ఉన్నది కనుక, నిమోడిపిన్ అనే మందును సాధారణంగా 21 రోజులు ఇస్తారు.

నొప్పి నిదానంగా పెరిగినా ఉపేక్షించరాని సందర్భాలు మరి రెండున్నవి. జ్వరంతోపాటు తలనొప్పి, గడ్డం రొమ్ముకు ఆనించలేనంతగా మెడ బిగుసుకుపోవడం, మగత, వెలుతురు చూడలేకపోవడం మెదడు పొరల వాపుకు గుర్తులు కావచ్చు. బాక్టీరియా వల్ల వచ్చిన వాపులో యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటా నష్టమే. ఇక మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం పక్షవాతాన్ని సూచిస్తాయి. అది రక్తస్రావమో, నాళం పూడుకొనడమో స్కాన్ తీసినగాని తేలదు. తేలకముందే ఆస్పిరిన్ మింగించడం హాని చేయవచ్చు.

ఈ లక్షణాలు కనిపించినప్పుడు రోగిని వాహనం నడపనీయక, 108 లేక 112కు ఫోను చేసి, స్కాన్ సదుపాయమున్న ఆసుపత్రికే తీసుకుపోవాలి. మగతగా ఉన్నవారిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నీరు, ఆహారం ఇవ్వరాదు. వెంట వెళ్లేవారు నొప్పి మొదలైన సమయాన్ని కాగితంమీద వ్రాసుకోవడం మంచిది. “చాలా నొప్పి” అనడంకంటె, “ఏడు గంటలకు, బిందె ఎత్తుతుండగా, ఒక్క క్షణంలో వచ్చింది” అని చెప్పడం వైద్యునికి ఎక్కువ తోడ్పడుతుంది. ఏ పరీక్ష చేయవలసి ఉన్నదో, దాని ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో ఆ ఒక్క వాక్యమే నిర్ణయిస్తుంది.