మిడి ఫైలుకు గొంతు ఎక్కడిది?

ఇంటర్నెట్‌లో దొరికిన మిడి ఫైలు తెరిస్తే ఒక్కోసారి వయొలిన్ బదులు పిల్లల బొమ్మ కీబోర్డు మోగినట్టు ఉంటుంది. తప్పు ఫైలుది కాదు, ఎందుకంటే అందులో అసలు శబ్దమే లేదు. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో ఫైలు అంటే స్వరలిపి పుస్తకం లాంటిది. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా, ఎంతసేపు, ఏ వాద్యం అన్నంతవరకే అందులో ఉంటుంది. అందుకే ఐదు నిమిషాల పాట కూడా కొన్ని కిలోబైట్లలో ఇమిడిపోతుంది.

గొంతు ఇచ్చేది సౌండ్‌ఫాంట్. నిజమైన వాద్యాన్ని స్వరం స్వరంగా రికార్డు చేసి, ఆ ముక్కలన్నీ .sf2 అనే ఒకే ఫైలులో పేర్చి పెడతారు. ఉచితంగా దొరికేవాటిలో FluidR3_GM, GeneralUser GS బాగా వాడుకలో ఉన్నాయి. 1991 నాటి జనరల్ మిడి ప్రమాణం 128 వాద్యాలకు వరస నంబర్లు ఇచ్చింది కాబట్టి, ఏ సౌండ్‌ఫాంట్ పెట్టినా 41 అంటే వయొలినే. అయితే కొన్ని ప్రోగ్రాములు సున్నా నుంచి లెక్కపెడతాయి. వాటిలో వయొలిన్ 40 అవుతుంది. వయొలిన్ అనుకున్నచోట వియోలా వినిపిస్తే ముందు ఈ లెక్కే చూడాలి.

ఇక అసలు పని. జర్మన్ స్వరకర్త పాకెల్‌బెల్ రాసిన ‘కానన్ ఇన్ డి’ని తీసుకుందాం. మూడు వయొలిన్లు ఒకే పాటను రెండేసి బార్ల తేడాతో అందుకుంటాయి. కింద ఎనిమిది స్వరాల బాస్ వరస 28 సార్లు తిరుగుతుంది. దీని మిడి ఫైళ్లలో నాలుగు ట్రాకులకూ 49వ నంబరు, అంటే స్ట్రింగ్ సమూహం, పెట్టినవి కనిపిస్తుంటాయి. మొదట్లో నిండుగానే వినిపిస్తుంది. మధ్యలో వేగంగా దొర్లే చిన్న స్వరాలు వచ్చేసరికి అంతా ముద్దయిపోతుంది. సమూహపు ధ్వని మెల్లగా పైకి లేస్తుంది. అది లేచేలోపే ఆ స్వరం అయిపోతుంది మరి.

కాబట్టి మ్యూజ్‌స్కోర్ లాంటి ఉచిత ప్రోగ్రాములో ఫైలు తెరిచి మూడు పై ట్రాకులకూ 41 ఇవ్వాలి. బాస్‌కు 43, అంటే చెల్లో. తీగల మేళవింపు రాసిన ట్రాకు ఉంటే దానికి 7, హార్ప్సికార్డ్. ఆ కాలపు మేళంలో ఉండేది అదే. మూడు వయొలిన్లదీ ఒకే రికార్డింగు కనుక అవి ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి జరిపితే ఎవరు ఎప్పుడు అందుకున్నారో చెవికి తెలుస్తుంది. పదో చానెల్ మాత్రం తాళవాద్యాలది. పొరపాటున రాగం అక్కడికి వెళితే డ్రమ్ములు మోగుతాయి.

మార్చిన ఫైలును canon.mid అనే పేరుతో దాచుకుని, ఫ్లూయిడ్‌సింత్‌తో ఆడియోగా మార్చవచ్చు:

```
fluidsynth -ni -g 0.5 -r 44100 -F canon.wav FluidR3_GM.sf2 canon.mid
```

ఇక్కడ -g శబ్దపు మోతాదు. మామూలుగా అది 0.2 ఉంటుంది, ఆడియో బలహీనంగా వినిపిస్తుంది. మరీ పెంచితే గట్టి చోట్ల శబ్దం చిరుగుతుంది. వచ్చిన ఫైలును ఆడాసిటీలో తెరిస్తే, అలల శిఖరాలు కత్తితో కోసినట్టు చదునుగా కనిపిస్తాయి. అప్పుడు -g తగ్గించి మళ్లీ చేయాలి.

సౌండ్‌ఫాంట్ మంచిదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వయొలిన్ పెట్టి కింది స్వరం నుంచి ఒక్కొక్క మెట్టూ పైకి వాయించండి. ఎక్కడో ఒకచోట గొంతు హఠాత్తుగా మారితే, ఒక రికార్డింగును చాలా స్వరాలకు సాగదీశారని అర్థం. అలా సాగదీస్తే వయొలిన్ వణుకు కూడా పై స్వరాల్లో వేగంగా, కింది స్వరాల్లో నెమ్మదిగా వినిపిస్తుంది.

ఎంత మంచి సౌండ్‌ఫాంట్‌కైనా ఒక హద్దుంది. మామూలుగా ప్రతి స్వరమూ కొత్తగా విల్లు వేసినట్టే మొదలవుతుంది. ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం ఫైలులో విడిగా రాస్తే తప్ప రాదు. పాశ్చాత్య సంగీతంలో ఇది కొంతవరకు చెల్లిపోతుంది. కర్ణాటక కృతిని ఉత్త స్వరాలుగా ఎక్కిస్తే మాత్రం గమకాలు పోయి రాగం గుర్తుపట్టడమే కష్టమవుతుంది. పైగా జనరల్ మిడి జాబితాలో సితార్, షెహనాయ్ ఉన్నాయి కానీ వీణ లేదు, మృదంగం లేదు. ఆ రెండూ కావాలంటే వాటికోసం విడిగా చేసిన సౌండ్‌ఫాంట్ వెతుక్కోవాల్సిందే.