ఛాతీలో చప్పుడు లేదు, ఆయాసం మాత్రం ఉంది

హెచ్‌ఐవీ ముదిరి రోగనిరోధక శక్తి అడుగంటిన మనిషికి ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తారా? ఉన్న కాస్త శక్తినీ అణిచేసే మందు కదా అది! అయినా న్యూమోసిస్టిస్ న్యుమోనియా విషయంలో, అదీ ఒక హద్దు దాటినప్పుడు, ఇస్తారు. ఇవ్వకపోతేనే ప్రమాదం. 1981 జూన్‌లో లాస్ ఏంజిలెస్‌లో అయిదుగురు యువకులకు ఈ న్యుమోనియా వచ్చిందన్న చిన్న నివేదికతోనే ఎయిడ్స్ సంగతి తొలిసారి అచ్చులోకి ఎక్కింది.

ఓ 38 ఏళ్ల టైలర్ సంగతి ఊహించుకుందాం. బరువు 60 కిలోలు. మూడు వారాలుగా పొడి దగ్గు, సాయంత్రం పూట జ్వరం. మొదట మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, ఇప్పుడు స్నానానికి వెళ్లొచ్చినా వస్తోంది. మామూలు న్యుమోనియా రెండు మూడు రోజుల్లో మనిషిని పడేస్తుంది, ఇది వారాల తరబడి నెమ్మదిగా కమ్ముకొస్తుంది. నాలుక మీద తెల్లపూత ఉంది. హెచ్‌ఐవీ ఉన్నట్టు అతనికి ఇప్పటిదాకా తెలియదు. సీడీ4 లెక్క 60. ఈ జబ్బు ఎక్కువగా ఆ లెక్క 200 కంటే దిగువన ఉన్నవాళ్లకే వస్తుంది.

డాక్టర్ స్టెతస్కోప్ పెడితే ఛాతీలో పెద్దగా ఏమీ వినిపించలేదు. చాలామంది తప్పుదోవ పట్టేది ఇక్కడే. పల్స్ ఆక్సీమీటర్ పెడితే కూర్చున్నప్పుడు 91 చూపించింది. వరండాలో కాసేపు నడిపించి చూస్తే 84కి పడిపోయింది. నడిస్తే ఆక్సిజన్ ఇలా దిగజారడం ఈ జబ్బును అనుమానించడానికి బలమైన ఆధారం. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ నడిమి భాగం చుట్టూ మంచు పట్టినట్టు మసక. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, అప్పుడు సీటీ స్కాన్‌లో ఆ మసక బయటపడుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినా, బిళ్లలు బాగా వాచినా ముందు టీబీ వైపు చూడాలి. అసలు మన దగ్గర ఈ రెండూ ఒకే మనిషిలో ఉండే అవకాశం ఉంది కాబట్టి టీబీ పరీక్ష ఎలాగూ చేయాల్సిందే.

కారణం ఒక ఫంగస్. ల్యాబుల్లో మామూలుగా చేసే కల్చర్‌లో ఇది పెరగదు. అందుకే ఉప్పునీటి ఆవిరి పీల్పించి తెప్పించిన కళ్లెను, లేదా బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తిని కడిగి తీసిన ద్రవాన్ని, ప్రత్యేకమైన రంగులద్ది మైక్రోస్కోప్ కింద వెతుకుతారు, లేదా పీసీఆర్ చేస్తారు. ఆ ఫలితం కోసం మందు ఆపనక్కర్లేదు. చికిత్స మొదలయ్యాక కూడా కొన్ని రోజులపాటు ఫంగస్ ఆనవాళ్లు దొరుకుతూనే ఉంటాయి.

ఫంగస్ అయినా మామూలు ఫంగస్ మందులకు ఇది లొంగదు, ఆ మందులు దెబ్బతీసే ఎర్గోస్టెరాల్ దీని పొరలో లేదు. దీనికి పనిచేసేది పాతకాలపు కోట్రైమాక్సజోల్. మన టైలర్ బరువుకి పెద్ద మోతాదు మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు, 21 రోజులు. జబ్బు తీవ్రంగా ఉంటే మొదట్లో ఇదే మందును సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. రెండో వారంలో ఒళ్లంతా దద్దుర్లు రావొచ్చు, రక్తకణాలు తగ్గొచ్చు, పొటాషియం పెరగొచ్చు. అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేయిస్తారు.

ఇక స్టెరాయిడ్. మందు పడ్డాక మూడో రోజుకో నాలుగో రోజుకో కొందరికి ఆయాసం ఇంకా పెరుగుతుంది. చచ్చిన ఫంగస్ ముక్కలు గాలి గదుల్లో మిగిలిపోతాయి, వాటి మీద శరీరం విరుచుకుపడటంతో వాపు పెరిగి ఆక్సిజన్ రక్తంలోకి చేరడం మరింత కష్టమవుతుంది. ఆ విరుచుకుపాటును స్టెరాయిడ్ అదుపు చేస్తుంది. ప్రయోగాల ఫలితాలు చూసి 1990లో అమెరికా నిపుణుల బృందం దీన్ని సిఫార్సు చేసింది. హద్దు కూడా అప్పుడే గీశారు: బయటి ఆక్సిజన్ పెట్టకుండా ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 70 కంటే తక్కువుంటేనే, లేదా గాలి గదులకూ రక్తానికీ మధ్య ఆ పీడనంలో తేడా 35కు తగ్గకుండా ఉంటేనే ఇవ్వాలి. మన టైలర్‌కు 58 వచ్చింది. ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు అయిదు రోజులు, తర్వాత అదే 40 రోజుకొక్కసారి అయిదు రోజులు, ఆపైన 20 చొప్పున పదకొండు రోజులు. మొదటి మోతాదు కోట్రైమాక్సజోల్‌తో పాటే పడాలి, 72 గంటలు దాటకూడదు. ఆయాసం ముదిరాక తీరిగ్గా మొదలుపెడితే అంత లాభం ఉండదు.

స్టెరాయిడ్‌తో షుగర్ పెరగొచ్చు, నోటిపూత ఎక్కువ కావొచ్చు. దాగివున్న టీబీ ఉంటే ముదరొచ్చు. అందుకే జబ్బు తేలికగా ఉన్నవాళ్లకు ఇవ్వరు. నాలుగైదు రోజులు గడవకముందే మందు పనిచేయడం లేదనీ అనుకోకూడదు. అయితే ఉన్నట్టుండి ఛాతీలో పోటు పొడిచి ఊపిరాడకపోతే ఊపిరితిత్తికి చిల్లు పడిందేమో వెంటనే చూడాలి, ఈ జబ్బులో అది జరిగేదే.

హెచ్‌ఐవీ మందులు సాధారణంగా ఈ చికిత్స మొదలైన రెండు వారాల లోపలే మొదలుపెడతారు. 21 రోజులు పూర్తయ్యాక కోట్రైమాక్సజోల్ రోజుకొక మాత్రగా సాగుతుంది. సీడీ4 లెక్క 200 దాటి కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే, అదీ డాక్టర్ చెబితేనే, దాన్ని ఆపుతారు.