ఈబీ-5 వీసా: సొమ్ము ఎక్కడిది, వ్యాపారం నిలిచేదేనా?

అమెరికాలో వ్యాపారంలో పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డు పొందే దారి పేరు ఈబీ-5. 2022 మార్చి 15న వచ్చిన సంస్కరణ చట్టం ప్రకారం కనీస పెట్టుబడి 10,50,000 డాలర్లు. గ్రామీణ ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ప్రాంతంలోనో పెడితే 8,00,000 చాలు. ఆ పెట్టుబడి వల్ల పది మందికి పూర్తికాలపు ఉద్యోగాలు రావాలి. అయితే అంత సొమ్ము చూపించగలగడం ఒక్కటే సరిపోదు. అది న్యాయంగా వచ్చిందని, వ్యాపారం నిజంగా నడుస్తుందని అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థను నమ్మించాలి. తిరస్కరణలు ఎక్కువగా ఈ రెండు చోట్లే పుడతాయి.

సొమ్ము విషయంలో అధికారి రెండు ప్రశ్నలు వేస్తాడు. ఎలా సంపాదించారు? ఆ చేతి నుంచి ఈ వ్యాపారం ఖాతాలోకి ఏ దారిన చేరింది? తెలుగు కుటుంబాల్లో తరచు ఎదురయ్యే పరిస్థితినే ఉదాహరణగా తీసుకుందాం. టెక్సస్‌లో హెచ్-1బీ మీద పనిచేస్తున్న కొడుకు కోసం గుంటూరు జిల్లాలో తల్లిదండ్రులు తమ ఉమ్మడి పొలం అమ్మారనుకుందాం. అమ్మకం దస్తావేజు, బ్యాంకులో జమ అయిన వివరాలు ఉంటే సగం పనే అయినట్టు. ఆ పొలం వాళ్లకెలా వచ్చిందో కూడా చూపాలి. తాత ఆస్తి అయితే భాగపంపకాల దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకం, ఈసీ కావాలి. సేద్యపు ఆదాయంతో కొన్నదైతే అడంగల్, పంట అమ్మిన రసీదులు బయటికి తీయాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఐటీ రిటర్నులు దాన్ని పూర్తిగా చెప్పలేవు. ఈ కాగితాలే ఆ ఖాళీని పూరిస్తాయి.

అసలు చిక్కు రిజిస్ట్రేషన్ విలువ దగ్గర వస్తుంది. పొలం ఏడు కోట్లకు అమ్ముడుపోయి, దస్తావేజులో నాలుగు కోట్లే రాయించుకుంటే, నగదుగా అందిన మూడు కోట్లకు లెక్క ఉండదు. ఆ మూడు కోట్లు తర్వాత బ్యాంకులో వేసినా న్యాయమైన ఆదాయంగా నిరూపించడం దాదాపు అసాధ్యం. ఈబీ-5 ఆలోచన ఉన్న కుటుంబం అమ్మకానికి ముందే ఈ సంగతి గ్రహించాలి.

తల్లిదండ్రులు ఇచ్చేది కానుక కాబట్టి కానుక పత్రంతో పాటు వాళ్ల సంపాదన ఆధారాలు, పన్ను పత్రాలు కూడా అడుగుతారు. సొమ్ము పంపడానికి భారతీయ రిజర్వు బ్యాంకు పరిమితి ఒకటి ఉంది. ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లకు మించి విదేశాలకు పంపకూడదు. ఇద్దరూ మార్చిలో పరిమితి మేరకు పంపితే 5,00,000. మిగతా 3,00,000 ఏప్రిల్‌లో, కొత్త ఆర్థిక సంవత్సరంలో పంపవచ్చు. ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్లిందో బ్యాంకు పత్రాల్లో తేదీల వారీగా కనబడాలి. మధ్యలో బంధువుల ఖాతాల గుండా తిప్పితే ప్రతి ఖాతా మీదా కొత్త ప్రశ్న లేస్తుంది.

ఇక పెట్టుబడి. డబ్బు కంపెనీ ఖాతాలో ఊరికే పడి ఉంటే చాలదు, నష్టభయంతో వ్యాపారంలో నిలవాలి. అసలు సొమ్ము తిరిగి ఇస్తామని రాసి ఇచ్చిన ఒప్పందం ఉంటే దాన్ని పెట్టుబడిగా లెక్కించరు.

వ్యాపార ప్రణాళికకు 1998 నాటి 'మ్యాటర్ ఆఫ్ హో' తీర్పే గీటురాయి. మార్కెట్ ఎలా ఉంది, పోటీదారులెవరు, ఏ అనుమతులు కావాలి, ఎవరిని ఎప్పుడు ఏ పనికి తీసుకుంటారు, అమ్మకాల అంచనా దేని మీద ఆధారపడింది అన్నవి అందులో వివరంగా ఉండాలి. అన్నిటికీ మించి నమ్మదగినదిగా ఉండాలని ఆ తీర్పు చెప్పింది. పైన చెప్పిన కొడుకు ఒక రెస్టారెంటు పెట్టదలచాడనుకుందాం. మొదటి ఏడాదే రోజుకు 400 మంది వస్తారని రాసి, కుర్చీలు 60 మాత్రమే చూపితే అధికారి ఆ లెక్క దగ్గరే ఆగుతాడు. ఇంటి అద్దె ఒప్పందం, వంటగది పరికరాల కొటేషన్లు, ఆ పేటలోని ఇతర హోటళ్ల ధరలు జతపరిస్తే అంచనాకు ఆధారం దొరుకుతుంది.

ఉద్యోగాల లెక్కలోనూ పొరపాటు సులువు. వారానికి కనీసం 35 గంటల పని ఉండాలి. పెట్టుబడిదారు, భార్య లేదా భర్త, పిల్లలు ఆ పదిమందిలోకి రారు. హైదరాబాద్ నుంచి తాత్కాలిక వీసాపై తెచ్చుకున్న వంటమనిషీ రాడు. పౌరులు, గ్రీన్ కార్డుదారుల వంటి వారినే లెక్కిస్తారు.

దరఖాస్తు అంగీకరించాక మొదట వచ్చేది రెండేళ్ల షరతు గ్రీన్ కార్డు. ఆ గడువు ముగిసేలోపు ఐ-829 దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పుడు ప్రణాళికలోని మాటలు కాకుండా జీతాల పట్టికలు, పన్ను పత్రాలు, బ్యాంకు లెక్కలు చూసి షరతు తొలగించాలా వద్దా అన్నది నిర్ణయిస్తారు.